నా దగ్గర బాగానే ఉంది

ఆఫీసులో అందరూ ఆమెను కొత్తమ్మాయి అనేవారు. ఆమె తర్వాత ఇంకో ఇద్దరు చేరినా ఆ పేరు మాత్రం ఆమెనే పట్టుకుని వేలాడింది. ఆసుపత్రులకు ఫోన్ యాప్‌లు చేసిపెట్టే చిన్న కంపెనీ అది. ఆమె పని టెస్టింగ్. అంటే యాప్‌ను మామూలు జనం వాడినట్టే వాడి చూడాలి, ఎక్కడైనా తప్పు కనబడితే దాన్ని బగ్ అని రాసి, ఆ యాప్ తయారుచేసిన డెవలపర్‌కు పంపాలి. ఇంకా ఇంటర్నే కాబట్టి ఉంచుతారో ఇంటికి పంపుతారో నెలాఖరుకు గానీ తేలదు.

ఆమెకు మాత్రం ఉద్యోగం కన్నా పెద్ద బెంగ ఒకటుంది. మొదటి రోజు టెస్ట్ చెయ్యమని చేతిలో పెట్టిన యాప్ చూడగానే గుండె కలుక్కుమంది. అమ్మ వాడిన యాప్ అదే.

నిరుడు అమ్మకు ఒంట్లో నలతగా ఉంటే, ఎవరినీ అడక్కుండా తనే పెద్ద డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. "అన్నీ నొక్కేశాను, అయిపోయింది" అని ఇల్లంతా తిరిగి గొప్పగా చెప్పుకుంది. తీరా వెళ్తే కౌంటరులో మీ పేరే లేదు, ఇవాళ ఖాళీ లేదన్నారు. ఆ డాక్టరు మర్నాడే సెలవు మీద వెళ్లాడు. మళ్లీ చూపించుకునేసరికి జబ్బు ముదిరిపోయింది. ముందే వచ్చినా పెద్ద తేడా ఉండేది కాదని ఆ డాక్టరే చెప్పాడు గానీ ఇంట్లో ఎవరికీ ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. నాన్న ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీదే విసుక్కున్నాడు. "రాని పని నీకెందుకే? నన్నడిగితే నే చెయ్యనా?" "నాకే చేతకాలేదులెండి" అంది అమ్మ. చివరిదాకా అదే మాట మీద ఉంది, అదే మాట మీద పోయింది.

ఇప్పుడు కొత్తమ్మాయి చేతిలో ఉన్నది అమ్మ ఫోనే. తన ఫోను పాడైపోతే నాన్న ఇచ్చాడు. అందులో టెస్ట్ యాప్ ఎక్కించుకుని డాక్టరును ఎంచుకుంది, తేదీ ఎంచుకుంది, సమయం ఎంచుకుంది. చివరి పేజీలో వివరాలన్నీ వచ్చాయి. ఆసుపత్రి వాళ్ల జాబితాలో చూస్తే బుకింగ్ లేదు. మళ్లీ చేసింది. మళ్లీ లేదు. అమ్మకు జరిగింది ఇదేనేమో అన్న అనుమానం వచ్చింది. ఆ కంగారులోనే బగ్ రాసి పారేసింది.

శీర్షిక: బుకింగ్ పని చెయ్యడం లేదు. దశలు: యాప్ తెరిచి బుక్ చెయ్యాలి. ఆశించిన ఫలితం: బుక్ అవ్వాలి. వాస్తవ ఫలితం: అవ్వడం లేదు, దయచేసి వెంటనే సరిచెయ్యండి.

ఆ బగ్ వెళ్లిన డెవలపర్‌కు ఆఫీసులో 'బాగానే ఉందిగారు' అని పేరు. ఏ బగ్ పంపినా ఆయన రాసే మొదటి జవాబు అదే మరి. మనిషి చెడ్డవాడు కాదు, టీ తాగేటప్పుడు అందరినీ పిలుస్తాడు. కాకపోతే తన కోడ్‌ను ఎవరైనా వేలెత్తి చూపితే ముక్కు మీద కోపం. భోజనాల వేళకల్లా, సరిచెయ్యాల్సిందేమీ లేదని బగ్ మూసేశాడు. 'నా దగ్గర బాగానే ఉంది. వాడేవాళ్లు సరిగ్గా వాడి ఉండరు.'

ఆ రెండో వాక్యం చదవగానే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. నాన్న మెట్ల మీద అన్నదీ ఇదే కదా. ఆవేశంగా బగ్ మళ్లీ తెరిచి, ఇది నిజమైన తప్పేనని, మనుషుల ప్రాణాలతో ఆటలొద్దని నాలుగు వాక్యాల్లో దులిపేసింది. ఆయన మళ్లీ మూసేశాడు. ఈసారి జవాబు కూడా రాయలేదు.

టెస్టింగ్ జట్టుకు పెద్ద అయిన మేడం ఆమెను పక్కకు పిలిచింది. గొంతు పెంచే మనిషి కాదు, అలాగని బుజ్జగించే మనిషీ కాదు.

"ఇందులో నీ కోపం కనబడుతోంది, బగ్ కనబడట్లేదు. ఇది చదివి ఆయనేం చెయ్యాలి?"

"నా ఫోన్‌లో ప్రతిసారీ అవుతోంది మేడం. ఒట్టు."

"ఒట్లు నాకెందుకమ్మా. ఆయన ఫోన్‌లో రావట్లేదు, నీ ఫోన్‌లో వస్తోంది. తేడా ఏంటో పట్టుకుని రాయి. అది చదివిన ఎవడైనా నువ్వు చూసిందే చూడాలి. అప్పుడు మూసెయ్యమను, చూద్దాం."

బాగానే ఉందిగారి దగ్గర ఫోను అడిగి తెచ్చి రెండూ బల్ల మీద పక్కపక్కనే పెట్టారు. రెండింట్లో ఒక్కో అడుగే వేసుకుంటూ చివరి పేజీకి వచ్చారు. ఆయన ఫోన్‌లో వివరాల కింద 'ఖరారు చేయండి' అని ఒక బటన్ ఉంది. ఆమె ఫోన్‌లో లేదు. పేజీని పైకి జరపబోతే కదల్లేదు. మేడం కళ్లజోడు సర్దుకుంది.

"అక్షరాలేంటి ఇంత లావున్నాయి? ఈ వయసుకే చత్వారమా నీకు?"

"మా అమ్మ పెట్టుకుంది మేడం. ఫోను అమ్మది. తగ్గించబుద్ధి కాలేదు."

"ఒకసారి తగ్గించి చూడు" అంది మేడం నెమ్మదిగా.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్షరాలను మామూలు సైజుకు తెచ్చింది. యాప్ తెరిస్తే బటన్ వచ్చింది. మళ్లీ పెద్దవి చేసింది. బటన్ పోయింది. పెరిగిన అక్షరాలు దాన్ని తెర కిందికి తోసేశాయి, పేజీ జరగదు కాబట్టి అది ఎవరికీ అందదు. అమ్మ అన్నీ నొక్కింది. డాక్టరు పేరు, తేదీ, సమయం అంత స్పష్టంగా కనబడుతుంటే అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కొత్తమ్మాయికి కళ్లు మసకబారాయి. మేడం చూడనట్టు నటించి రెండో ఫోను ఇచ్చెయ్యడానికి లేచింది.

ఈసారి తీరిగ్గా రాసింది. శీర్షిక: ఫోన్‌లో అక్షరాల సైజు గరిష్ఠంగా ఉంటే చివరి పేజీలో 'ఖరారు చేయండి' బటన్ కనబడదు. ఫోను మోడలు, యాప్ వెర్షను రాసింది. కింద దశలు: సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు గరిష్ఠం చెయ్యాలి, యాప్ తెరవాలి, డాక్టరును, తేదీని, సమయాన్ని ఎంచుకోవాలి, చివరి పేజీని కిందిదాకా జరపడానికి ప్రయత్నించాలి. ఆశించిన ఫలితం: బటన్ కనబడాలి, నొక్కితే బుకింగ్ నమోదవ్వాలి. వాస్తవ ఫలితం: బటన్ తెర బయట ఉండిపోతుంది, పేజీ జరగదు, బుకింగ్ నమోదు కాదు. మామూలు సైజులో ఈ సమస్య లేదు. రెండు తెరల బొమ్మలూ జతచేసింది. వాస్తవ ఫలితం కింద అమ్మ గురించి ఇంకో మాట రాయాలని వేళ్లు తహతహలాడాయి. రాయలేదు. అది డెవలపర్ సరిచెయ్యగలిగేది కాదు.

బాగానే ఉందిగారు చదివి స్వయంగా వచ్చాడు. "వచ్చిందమ్మా, నా దగ్గరా వచ్చింది. కానీ అంతంత అక్షరాలు ఎవరు పెట్టుకుంటారు? తర్వాత చూద్దాం."

"ఆసుపత్రికి వచ్చేవాళ్లు పెట్టుకుంటారండీ" అంది ఆమె.

ఆయన తలూపి వెళ్లి ఆ వారంలోనే సరిచేశాడు. ఆమె అవే దశలతో మళ్లీ పరీక్షించింది. పేజీ జరిగింది, బటన్ అందింది, బుకింగ్ జాబితాలో పడింది. బగ్ తనే మూసింది. నెలాఖరున ఆమెను ఉంచుకుంటున్నామని మేడం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు గానీ ఆమె మనసు అప్పటికే ఇంటి దగ్గరుంది.

నాన్న వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. ఉద్యోగం మాట చెబితే సంబరపడ్డాడు. తర్వాత ఆమె ఫోను తీసి, బటన్ ఎక్కడ దాక్కుందో, ఎందుకు దాక్కుందో చూపించింది. నాన్నకు సగమే అర్థమైంది. కావలసిన సగమే అర్థమైంది.

"అయితే మీ అమ్మ తప్పు చెయ్యలేదా?"

"లేదు నాన్నా. నొక్కడానికి అక్కడ బటనే లేదు."

నాన్న కుళాయి కట్టేశాడు. తడిచేతులతోనే ఆ ఫోను అందుకున్నాడు.

"మరి నేనన్న మాట ఇప్పుడెలా వెనక్కి తీసుకోనే?" అన్నాడు.