నొప్పి లేని సూది

మా ఇంట్లో ఎవరు దగ్గినా అమ్మ చేతిలో పని ఆగిపోతుంది. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, ఆ దగ్గు ఎలా ముగుస్తుందో వినేదాకా కదలదు. బస్సులో ముక్కూమొహం తెలియని మనిషి దగ్గినా అంతే. నాకూ ఆ జబ్బే పట్టుకుంది. కారణం మా తమ్ముడు.

వాడు పుట్టేటప్పటికి నాకు ఏడేళ్ళు. సిస్టరమ్మ ఊళ్ళోకి వచ్చి వాడి తొడకి మొదటి సూది వేసింది. సాయంత్రానికి కాలు వాచింది, ఒళ్ళు కాలిపోయింది, వాడు ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. అమ్మ అప్పటికి పాతికేళ్ళు నిండని పిల్ల. వాడితోపాటు తనూ ఏడ్చింది. పై నెల సిస్టరమ్మ వచ్చిన రోజున వాడిని చంకనేసుకుని, నన్ను వేలికి తగిలించుకుని, జీడితోటలోకి వెళ్ళి కూర్చుంది. సిస్టరమ్మ వెళ్ళిపోయిందని తెలిశాకే ఇంటికొచ్చాం. ఆ పై నెలా అంతే.

అయిదో నెలలో వాడికి కోరింత దగ్గు వచ్చింది. దగ్గుతూ దగ్గుతూ మొహం ఎర్రబడి, నల్లబడి, చివర గాలి లోపలికి లాక్కునేటప్పుడు ఒక కూత వచ్చేది. రానురాను ఆ కూత కూడా పోయింది. దగ్గు ఆగాక ఊపిరి వస్తుందా రాదా అని మేం వాడి నోటికేసి చూస్తూ ఉండేవాళ్ళం. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి తీసుకురాలేదు. ఆ కూత మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకున్నా నాకు అదే వినబడుతుంది. పిచ్చి అనుకుంటే అనుకోండి.

అలాంటి ఇంటికి నేను పురిటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. పాప పడుకుంటే చాలు, అమ్మ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వద్దని చెప్పడానికి నాకు నోరెక్కడిది? అమ్మ అటు వెళ్ళగానే నేనూ పెట్టి చూసేదాన్ని.

నెలన్నర సూదుల సమయానికి మా ఇద్దరికీ చెడింది. కాశీబుగ్గలో పిల్లల డాక్టరు దగ్గర పెయిన్‌లెస్ సూది ఉందని, జ్వరం రాదని, కాలు వాయదని ఎవరో అమ్మకి ఎక్కించారు.

"గుంటకి అదే ఏయిద్దామే. డబ్బులు నేనిత్తాను," అంది.

నాకు ఒళ్ళు మండింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఊళ్ళోకి వచ్చి ఊరికే వేసే సూది మీద అందరికీ చులకనే. పెయిన్‌లెస్ అంటే డబ్బున్నవాళ్ళ సోకు అని నా లెక్క, ఆ మాటే పైకీ అనేశాను.

"నీ కొడుకు పోయింది సూది వల్ల కాదమ్మా, సూది వేయించకపోవడం వల్ల," అన్నాను. నా నోటికి ఆపూ అదుపూ లేవు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బుధవారం పాపని సబ్‌సెంటరుకి తీసుకెళ్ళాను. నోట్లో చుక్కలు వేశారు, రెండు తొడలకీ, చేతికీ సూదులు వేశారు. అరగంట కూర్చోబెట్టి, జ్వరం మందు ఇచ్చి, కాపడం పెట్టొద్దు, రుద్దొద్దు అని చెప్పి పంపారు. సాయంత్రం జ్వరం వచ్చింది. ఎడమ తొడ గట్టిపడింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. మందు వేశాను, పాలిచ్చాను, భుజాన వేసుకుని తిరిగాను. అమ్మ మాత్రం పెరట్లో గోడకి మొహం పెట్టుకుని నిలబడిపోయింది. మర్నాటికి పాప మామూలైపోయింది. అమ్మే కాలేదు.

మళ్ళీ నెలకి రెండో సూది రోజు వచ్చింది. నేను తలంటుకుని వచ్చేసరికి ఉయ్యాల ఖాళీ. వాకిట్లో లేరు, పక్కింట్లో లేరు. ఎక్కడ ఉంటారో నా కాళ్ళకి ముందే తెలిసిపోయింది. తడి జుట్టుతోనే జీడితోటలోకి పరిగెత్తాను.

ఎండుటాకుల మీద కూర్చుని ఉంది, పాపని గుండెకి అదుముకుని. అమ్మ అప్పుడు ఎలా కూర్చుందో ఇప్పుడూ అలాగే. ఒక్క క్షణం ఆ ఒళ్ళో ఉన్నది ఎవరో నాకు తెలియలేదు.

"ఏటి సేత్తన్నావమ్మా నువ్వు?" అని అరిచాను. కోపమొస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది.

"నాకు తెలీదే. సూదనేసరికి కాళ్ళు ఇటొచ్చేసినాయి," అంది. "సోకనుకున్నావు గదే నువ్వు. ఈ గుంట సుకానికి కాదే ఆ సూది, నాకోసం. ఇది మళ్ళీ అలగ ఏడిత్తే నేను మళ్ళీ ఇలగే సేత్తాను. నన్ను నమ్మకే. నా సేతిలో పెట్టకే పిల్లని."

పక్కనే కూలబడ్డాను. ఆవిడ భయపడింది సూదికి కాదు, తనకి తానే భయపడింది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో తిరిగి నేను ఆ సంగతి కనిపెట్టలేకపోయాను.

మర్నాడు ముగ్గురం కాశీబుగ్గ వెళ్ళాం. మొదటిది సర్కారుదై, రెండోది ఇది అయితే పరవాలేదా అని డాక్టరుని అడిగాను. పరవాలేదు, మొదటినుంచీ మళ్ళీ వేయక్కర్లేదు అన్నాడు. సర్కారు సూదిలో కోరింత దగ్గు క్రిమిని చంపి మొత్తంగా వేస్తారట. దీంట్లో ఆ క్రిమి నుంచి కావలసిన ముక్కలే తీసి వేస్తారట. అందుకని జ్వరం, వాపు తక్కువ, అసలు రావని మాత్రం చెప్పలేనన్నాడు. "అది దీనికి తీసిపోయేదేం కాదమ్మా. దాని కాపుదల ఎక్కువ కాలం ఉంటుందని కూడా అంటారు. ఏదైనా సరే, అన్ని డోసులూ పడాలి. మధ్యలో ఆపేయకూడదు," అన్నాడు. అమ్మ తల దించుకుంది.

సూది గుచ్చగానే పాప కెవ్వుమంది.

"నొప్పి లేదన్నారు గదా బాబూ!" అని అమ్మ డాక్టరు మీదకి లేచింది.

"సూది సూదేనమ్మా. గుచ్చితే నొప్పే. తరవాతి బాధ తక్కువ," అన్నాడాయన.

ఆ సాయంత్రం పాప ఒళ్ళు వెచ్చబడలేదు. పాలు తాగింది, నిద్రపోయింది. అమ్మ మాటిమాటికీ తొడ తడిమి చూసింది. గడ్డ లేదు. లేనిదాన్ని వెతుకుతున్నట్టే ఉంది ఆ చెయ్యి. ఇంత ప్రశాంతంగా ఉంటే సంతోషించాలి కదా. మేమిద్దరం ఆ ప్రశాంతాన్ని చూసి భయపడుతూ కూర్చున్నాం.

తెల్లారాక పాప అమ్మ మొహంలోకి చూసి నవ్వింది. ఇక బతికాం అనుకున్నాను. అమ్మ మటుకు నవ్వలేదు.

"అప్పుడు ఇలాటి సూది ఉండుంటే నేను మద్దెలో ఆపుదునేటే?" అంది.

"ఆపేదానివి కాదమ్మా," అన్నాను. ఆ మాట చెప్పినందుకు నాకు నేనే సంతోషపడ్డాను. ఇన్నేళ్ళ బరువు కాస్తయినా దిగుతుందనుకున్నాను.

అమ్మ పాప బుగ్గ మీద వేలు పెట్టి చూసింది.

"కాదే," అంది. "ఆడి జొరమూ మర్నాటికే దిగిపోనాది. ఆడూ నన్ను సూసి ఇలగే నవ్వినాడు. అయినా నేను తోటలోకి ఎత్తుకుపోనాను."