మూడు సింహాల బొమ్మ

ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా బంగారు పని చేస్తున్నాను. గొలుసు మీద ఎంత గొప్ప ముద్ర ఉన్నా, గీటురాయి మీద గీసి చూడందే నమ్మను. అలాంటివాణ్ణి ఫోన్‌లో మూడు సింహాల బొమ్మ చూసి నమ్మాను.

కువైట్‌లో మా బావమరిది నాకో నగల అంగట్లో పని చూశాడు. నెలలోపు పాస్‌పోర్టు కావాలన్నాడు. ఫోన్‌లో వెతికితే అన్నిటికంటే పైన, ఆ సింహాల బొమ్మతో వచ్చిన సైటులోనే వివరాలు నింపి డబ్బు కట్టాను. మూడు వారాలైనా అపాయింట్‌మెంట్ రాలేదు. రసీదు పట్టుకుని కడప పాస్‌పోర్టు ఆఫీసుకు పోయాను.

కౌంటర్లో ఆమె రసీదు, కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది.

"నీ పేరుతో మాకాడ అర్జీనే లేదప్పా. అసలు ఫీజుకు రెండింతలు గుంజినారు. సర్కారు సైటయితే అడ్రసు చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉండాల. నీది డాట్ కామ్. సింహాల బొమ్మ ఎవురైనా పెట్టుకుంటారు."

"మళ్ళా కడితే ఈ వారంలో వస్తాదా మేడమ్?"

"యాడొస్తాదప్పా! పోలీసు విచారణ కూడా ఉంటాది కదా."

కువైట్ పని ఇంకొకరికి పోయింది. నేనిక్కడే కూర్చుని, ఇంకా ఊరివాళ్ల బంగారం గీసి చూస్తున్నాను.