రబ్బరు లేకుండా రాసిన లెక్కల పరీక్ష

పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినందుకు నన్ను మాట్లాడమన్నారు. నాకప్పుడు నలభై ఒకటో ఏడు. నాచారంలో మా సాయంత్రం క్లాసు జరిగే కమ్యూనిటీ హాల్లో ఆ ఆదివారం కొత్త బ్యాచ్ మొదలవుతోంది. పాసైనవాడు లేచి నాలుగు థాంక్సులు చెప్పి కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. నేను మూడు రోజులు కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. మా ఆవిడ చదివి, "అంతా మంచిగనే ఉన్నది గని, ఇది నువ్వు మాట్లాడినట్టు లేదు, పెండ్లి పత్రిక లెక్కున్నది" అని పక్కన పెట్టింది.

నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేస్తాను. పద్నాలుగేళ్ల వయసులో ఎనిమిదో తరగతి మధ్యలో వదిలి అక్కడ చేరాను. ఇనుప కడ్డీని తిప్పుతూ పనిముట్టుతో కోసి, డ్రాయింగులో ఉన్న కొలతకు తేవడం నా పని. అలా తయారయ్యే వస్తువును మేం జాబ్ అంటాం. ఆ పని నేర్పింది మా ఉస్తాద్. ముప్పై ఏళ్లుగా అదే షెడ్డులో ఉన్న మనిషి, మా అందరికీ ఫోర్‌మన్. ఆయనకు ఒకటే నియమం ఉండేది. తయారైన వస్తువు మీద గుర్తు కోసం గీసిన గీత గానీ, పనిముట్టు తగిలిన మరక గానీ కనబడకూడదు. కనబడితే వీపు మోగేది.

"నువ్వెట్ల జేసినవో గిరాకికి ఎందుకురా? సాఫ్ జేసి ఇయ్యి" అనేవాడు.

నేను ఇరవై ఏడేళ్లు సాఫ్ చేసి ఇచ్చాను. నా చేతి నుంచి వెళ్లిన వస్తువు అద్దంలా ఉంటుందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

రెండేళ్ల కిందట మా షాపులో తనిఖీ గది పెట్టారు. ప్రతి వస్తువునూ మైక్రోమీటరుతో కొలిచి, సరిగా ఉంటే సంతకం పెట్టి, లేకపోతే రిజెక్ట్ చేసి వెనక్కి పంపే కుర్చీ ఉద్యోగం. రోజంతా నిలబడి నా మోకాళ్లు అరిగిపోయాయి కాబట్టి ఆ కుర్చీ నాకు కావాలి. నిజం చెప్పాలంటే మోకాళ్లు ఒక సాకు. నేను పని నేర్పిన పిల్లలే పై మెట్టెక్కి నా పనిని చూసి తల ఊపుతుంటే కడుపు మండేది. మా సేటు రెండు షరతులు పెట్టాడు. సరుకు కొనే కంపెనీ వాళ్లు అడుగుతారు కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్ ఉండాలి. షెడ్డు మొత్తం ఉస్తాద్ మాట మీద నడుస్తుంది కాబట్టి ఆయన ఒప్పుకోవాలి.

ఉస్తాద్ మొహం మీదే చెప్పాడు. "చేతిపనిల వీనికి తిరుగులేదు. గని నా ముందట వీనికి నోరు లేవది. రేపు నా జాబ్‌ల తప్పుంటే ఎట్ల చెప్తడు? ముందుగాల పది పాస్ గానీ, గప్పుడు సూద్దాం."

అలా ఓపెన్ స్కూల్లో పదికి దరఖాస్తు పెట్టుకున్నాను. సాయంత్రం డ్యూటీ దిగి, సబ్బుతో ఎంత తోమినా వదలని గ్రీసు చేతులతో క్లాసుకు వెళ్లేవాణ్ణి. చెప్పే సార్ ఒక ప్రభుత్వ సంస్థలో ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి, ఆంధ్ర వైపు వారు. నాలాంటి వాళ్లకు డబ్బు తీసుకోకుండా లెక్కలు చెబుతారు. అయిదు సబ్జెక్టుల్లో నాలుగు మొదటిసారే పాసయ్యాను. లెక్కల్లో మాత్రం ఇరవై నాలుగు వచ్చాయి. ముప్పై అయిదు రావాలి. ఓపెన్ స్కూల్లో ఒక సౌకర్యం ఉంది, తప్పిన సబ్జెక్టు ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. ఆరు నెలల తర్వాత ఉప్పల్‌లో మొదటిసారి రాసిన స్కూల్లోనే, దాదాపు అదే బల్ల మీద కూర్చుని మళ్లీ రాశాను. ముప్పై ఒకటి.

నాకేమీ అర్థం కాలేదు. పరీక్ష రాసి బయటికి వచ్చి మిగతావాళ్లతో పోల్చుకుంటే నా జవాబులు సరిగ్గానే ఉన్నాయి. నా పక్కన రాసిన కుర్రాడు సగం తప్పు చెప్పాడు, వాడికి నలభై వచ్చాయి. షాపులో ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా నరకం. అంటే తిరిగి అనొచ్చు. వారం రోజులు క్లాసు వైపు వెళ్లలేదు. నాకు రాదులే, ఇనుము కోసుకునేవాడికి ఇవన్నీ ఎందుకని మా ఆవిడతో అన్నాను. ఆమె సార్‌కి ఫోన్ చేసింది.

సార్ నన్ను పిలిపించి, నా జవాబు పత్రం జిరాక్సు కోసం దరఖాస్తు పెట్టించారు. అలా అడిగితే మనం రాసిన పేపరు నకలు మనకిస్తారని నాకప్పటిదాకా తెలియదు. అది చేతికొచ్చిన సాయంత్రం సార్ దాన్ని బల్ల మీద పరిచి, కళ్లద్దాలు సరిచేసుకుని, ఒక్కో పేజీ తిప్పారు. నా క్లాసు నోట్సు పక్కన పెట్టుకున్నారు.

"ఏమయ్యా, వృత్తానికి స్పర్శరేఖలు గీశావు. చాలా చక్కగా ఉంది. కానీ మధ్యబిందువు కనుక్కోవడానికి గీసిన చాపాలేవి? రెండో వృత్తం ఏది?"

"తుడిచిన సార్."

"తుడిచావా?"

"రబ్బరుతోని సాఫ్ జేసిన. లెక్కలన్నీ గూడ ముందుగాల పెన్సిల్‌తోని జేస్కొని, జవాబు పెన్నుతోని రాసి, కిందదంత తుడిచిన."

"నోట్సులో అన్నీ ఉన్నాయి కదయ్యా!"

"నోట్స్ ప్రాక్టీస్ గద సార్. పరీక్ష ఫైనల్ జాబ్."

సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేక మంచినీళ్లు తాగారు. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత ఆయన విడమరిచి చెప్పారు. బయటి బిందువు నుంచి స్పర్శరేఖలు గీయాలంటే ముందు ఆ బిందువును వృత్త కేంద్రంతో కలపాలి. రెండు వైపులా చాపాలు గీసి ఆ రేఖను సగం చేయాలి. ఆ మధ్యబిందువు కేంద్రంగా ఇంకో వృత్తం గీస్తే, అది మొదటి వృత్తాన్ని ఎక్కడ కోస్తే అక్కడికి రేఖలు కలపాలి. మార్కులు ఆ చాపాలకూ ఆ రెండో వృత్తానికీ. అవి లేకపోతే కంటితో అంచనా వేసి స్కేలు పెట్టి గీశావో, లెక్క ప్రకారం గీశావో దిద్దేవాడికి ఎలా తెలుస్తుంది? వర్గ సమీకరణమూ అంతే. ఉత్త జవాబుకు దక్కేది ఒక మార్కు, మిగతావన్నీ మధ్యలో రాసే స్టెప్పులకు. రెండు పరీక్షల్లోనూ నా మార్కుల్ని నేనే నా చేత్తో, శ్రద్ధగా, పేజీ చిరగకుండా తుడిచేశాను.

మూడోసారి పరీక్షకు వెళ్లే ముందు సార్ నా రబ్బరు లాక్కున్నారు. పేజీకి కుడివైపు గీత కొట్టి అక్కడ చిత్తుపని చేయమన్నారు, తప్పు రాస్తే ఒక్క అడ్డగీత కొట్టి వదిలేయమన్నారు. మూడు గంటలూ నరకం చూశాను. నా బొమ్మ నిండా చాపాలు, చుక్కలు, అక్షరాలు. అంత గలీజు పని నా జీవితంలో ఎవరి చేతికీ ఇవ్వలేదు. పేపరు తీసుకోవడానికి వచ్చిన మేడమ్ ముందు నిజంగా సిగ్గుపడ్డాను. యాభై ఎనిమిది వచ్చాయి.

ఆదివారం హాల్లోకి ఉస్తాద్ వస్తాడని నేననుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉప్పల్ నుంచి కిలో మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి రెండో వరుసలో కూర్చున్నాడు. మైకు ముందుకెళ్లి నిలబడ్డాను. నేను రాసుకున్న కాగితంలో ఉస్తాద్ ఊసు లేదు, జిరాక్సు ఊసూ లేదు. ఎందుకు తప్పానో చెబితే ఆ అలవాటు ఎవరు నేర్పారో చెప్పాలి. నలుగురిలో ఉస్తాద్ తప్పు ఎత్తి చూపినట్టవుతుంది, కుర్చీ కూడా పోవచ్చు. చెప్పకపోతే ఎదురుగా కూర్చున్న కొత్తవాళ్లలో వెల్డింగు వాళ్లున్నారు, దర్జీ పని చేసే ఆడవాళ్లున్నారు. గుర్తులు తుడిచి ఇవ్వడమే పనితనమని నేర్చుకున్న చేతులన్నీ అక్కడే ఉన్నాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"అందరికి నమస్తే. సార్‌కు థాంక్స్. రెండుసార్ల ఫెయిలైనోన్ని ఇంటికి పోనియ్యలే. నా భార్యకు థాంక్స్. నేను బంద్ జేస్త అంటే సార్‌కు ఫోన్ గొట్టింది. ఇగ నా ఉస్తాద్‌కు థాంక్స్. నాకు అన్నం పెట్టిన పని ఆయన నేర్పిందే. గని…" ఉస్తాద్ వైపు చూశాను. చూసే చెప్పాను. "గని ఉస్తాద్, నువ్వు నేర్పిన ఒక్క మాటతోని నేను రెండుసార్ల ఫెయిలైన. జేసినట్టు కనవడొద్దు అంటివి. గది మిషన్ మీద నిజం. పరీక్షల తప్పు. ఈడ జేసినట్టు కనవడాలె. అక్కా, అన్నా, మీరు గూడ పనోళ్లే. రబ్బరు ఇంట్ల వెట్టి రాండ్రి. తప్పు రాస్తే కొట్టేయిన్రి, తుడువొద్దు."

తర్వాత సార్ దగ్గరున్న నా జిరాక్సు పేజీ అడిగి తీసుకుని అందరికీ చూపించాను. స్పర్శరేఖల బొమ్మ పక్కన దిద్దినవారు పెట్టిన ఒకే ఒక్క మార్కు. ఒకావిడ పకపకా నవ్వింది, ఆమె వెనక హాలంతా నవ్వింది. ఒక వెల్డరు, "అన్నా, నేను గూడ గట్లనే తుడుస్త" అని గట్టిగా అన్నాడు. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. లేచి ముందుకు వచ్చాడు. నా చేతిలోంచి ఆ పేజీ తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, దూరంగా పట్టుకుని, వస్తువును చూసినట్టే అటూ ఇటూ చూశాడు.

"జాబ్‌ల తప్పేం లేదు" అన్నాడు సార్‌తో. "మా తాన అయితే పాస్ జేద్దుము."

"మా దగ్గర చేయం కదండీ" అన్నారు సార్.

ఉస్తాద్ పేజీ నాకు తిరిగి ఇచ్చాడు. చాలాసేపు నా మొహం చూశాడు. ఇరవై ఏడేళ్లలో ఆయన చూపుకి ఎదురు నిలబడటం నాకదే మొదలు. కళ్లు దించుకోలేదు, అది మాత్రం ఖాయంగా గుర్తుంది.

"నలుగుర్ల నా తప్పు నాకే చెప్పినవ్" అన్నాడు. మైకు దగ్గరే ఉంది కాబట్టి హాలంతా వినబడింది. "ఫస్ట్ రిజెక్షన్ నన్నే జేసినవ్ రా. పో, రేపు పొద్దుగాల పోయి ఆ కుర్సీల కూసో. సేటుకు నేను చెప్త."