విలన్‌గారి కుర్చీకి కాపలా

అచ్యుతరామయ్యగారికున్న పిచ్చి ఒక్కటే, కుర్చీ పిచ్చి. పదవి కుర్చీ అనుకునేరు, కాదు. ఫిల్మ్‌నగర్‌లో వాళ్ళింటి హాల్లో, కిటికీ పక్కనుండే టేకు చేతుల కుర్చీ. పైన రెక్సిన్ పెచ్చులూడింది. లోపల ఫోమ్ పొడైపోయి, మనిషి లేచిన ప్రతిసారీ నేల మీద రాలేది. అయినా దాని జోలికెళ్తే చాలు, ఆయన గొంతు మారిపోయేది. అది మామూలు గొంతా? ముప్ఫయ్యేళ్ళు సినిమా విలన్లకు డబ్బింగ్ చెప్పిన గొంతు. "ఎవడ్రా అది!" అన్నారంటే పక్కింటి కుక్క మంచం కిందకి దూరేది.

అలాంటి ఇంటికి కొత్త హంగులు చేయిద్దామని పూనుకుంది కోడలు అరుణజ్యోతి. జూబ్లీహిల్స్ నుంచి రఘునందన్ అనే డిజైనర్ వచ్చాడు. హాలంతా తిరిగి, కుర్చీ దగ్గర ఆగి, ముక్కు చిట్లించాడు.

"సార్, ఈ చైర్ మన కాన్సెప్ట్‌కి సెట్ అవ్వదండీ."

"నువ్వూ నా కాన్సెప్ట్‌కి సెట్ అవ్వలేదు బాబూ. నిన్ను బయట పెట్టించానా?"

పని మొదలైంది. పాత సామానంతా పోయింది, కుర్చీ కదల్లేదు. సీలింగ్ పనివాళ్ళు ఆయన చుట్టూ పరంజా కట్టుకున్నారు. రంగులవాళ్ళు కుర్చీకీ ఆయనకీ కలిపి ఒకటే ప్లాస్టిక్ షీటు కప్పారు. మధ్యలో ఆ షీటులోంచే చెయ్యి చాపి కాఫీ అందుకున్నారు, మహానుభావుడు.

ఏ స్నానానికో లేవాల్సొస్తే కేక పెట్టేవారు. "శారదా! కాస్త వచ్చి నా కుర్చీలో కూర్చో! వీళ్ళు ఎత్తుకుపోయేలా ఉన్నారు!"

"నాకిదో ఉద్యోగం!" అని గొణుక్కుంటూ ఆయన భార్య శారదాదేవిగారు వచ్చి కూర్చునేవారు. చూస్తే రోజులో సగం ఆవిడే కాపలా. ఈయనేమో పనేమీ లేకపోయినా వరండాలో పచార్లు. ఈ భాగ్యానికి కుర్చీ ఎందుకో అరుణజ్యోతికి అంతుపట్టేది కాదు.

"అత్తయ్యా, కుంటుతున్నారు. మోకాళ్ళు డాక్టరుకి చూపిద్దామా?" అందోసారి.

"నా మోకాళ్ళకేం? ఇనప గుండ్లు!" అని ఆవిడ మొహం తిప్పేసుకున్నారు.

చివరికి రాజీ కుదిరింది. చెక్క ఉంటుంది, రెక్సిన్ పోయి గుడ్డ వస్తుంది. అచ్యుతరామయ్యగారు వేలు చూపించి మరీ చెప్పారు. "ఎత్తు ఒక్క ఇంచి కూడా తగ్గకూడదు. మెత్తగా ఉండకూడదు. చేతులు ముట్టుకోకూడదు."

షేక్‌పేటలో సోఫాలు బాగుచేసే అతను పాత రెక్సిన్ చిరగకుండా ఊడదీసి, దాన్నే కొలతగా పెట్టి కొత్త గుడ్డ కత్తిరించాడు. సీటు అడుగున సాగిపోయిన పట్టీలు తీసేసి, కొత్తవి అడ్డంగా నిలువుగా అల్లి బిగించాడు. మీద ఫోమ్, దాని మీద పల్చటి దూది పరిచి, గుడ్డ లాగి మేకులు కొట్టాడు. అంతా బాగానే ఉందిగానీ, మన రఘునందన్ మధ్యలో తలదూర్చాడు. కొత్త సోఫాలన్నీ నేలకి అంటుకుపోయినట్టుంటాయి కదా, వాటికి సమంగా కనబడాలని కుర్చీ కాళ్ళు మూడించీలు కోయించాడు. ఫోమ్ కూడా దూదిపింజలాంటిది వేయించాడు.

కుర్చీ పెళ్ళికూతురిలా వచ్చింది. రఘునందన్ మురిసిపోతూ ఫొటోలు తీసుకున్నాడు. అచ్యుతరామయ్యగారు లోపల కళ్ళద్దాలు వెతుక్కుంటుంటే, "అబ్బ, ఎంత బావుందే!" అంటూ శారదాదేవిగారు ముందుగా కూర్చున్నారు. హాయిగా దిగబడిపోయారు.

లేవబోయారు. లేవలేకపోయారు. మళ్ళీ ప్రయత్నించారు. నవ్వుతూనే ఉన్నారుగానీ, కళ్ళల్లో కంగారు. అరుణజ్యోతి అడుగు వేసేలోపే విలన్ గొంతు హాలు దద్దరిల్లేలా మోగింది.

"శారదా! నా కొత్త కుర్చీ నాకంటే ముందు నువ్వు ఎక్కుతావా? లే!"

గొంతేమో అలా, మనిషేమో ఇలా. ఆవిడ పాదాలు జారకుండా తన పాదాలు అడ్డం పెట్టారు. పట్టుకోమని ముంజేయి అందించారు. ఆవిడ ముందుకు వంగేదాకా ఆగి, లాగకుండా లేపారు. పైకి చూసేవాళ్ళకి ముసలాయన పెళ్ళాన్ని కుర్చీలోంచి గెంటేస్తున్నట్టే ఉంది. రఘునందన్ అలాగే అనుకున్నాడు పాపం.

అరుణజ్యోతికి మాత్రం ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఆ ఎత్తు, ఆ గట్టి సీటు, నొక్కి లేవడానికి ఆ చేతులు, ఎవరికోసమో! 'నన్ను లేపే మనిషి కావాలి' అని అత్తగారు చచ్చినా అనరు. అందుకని ఈయన మొండి ముసలాడని పేరు మోస్తున్నారు. ఓరి దేవుడా, ఎంత మంచి విలనో! ఆమెకి నవ్వూ, ముద్దూ కలిసి వచ్చాయి.

పైకి మాత్రం విసుక్కుంది. "ఏం చేస్తామండీ రఘునందన్‌గారూ, మా మామయ్యగారి పంతం తెలుసుగా! కాళ్ళకి టేకు ముక్కలు అతికించి, పాత ఎత్తుకే తెప్పించండి. గట్టి ఫోమ్ వేయించండి. లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తారు."

అచ్యుతరామయ్యగారు కోడలి వంక చూశారు. కోడలు సీలింగ్ వంక చూసింది.

కుర్చీ పాత ఎత్తుకి తిరిగొచ్చిన పూట ఆయన ఇంకా కేక పెట్టనేలేదు, అరుణజ్యోతే వంటింటి వైపు తిరిగి గొంతు బొంగురు చేసి అరిచింది.

"అత్తయ్యా! కాస్త వచ్చి ఈ కుర్చీకి కాపలా కూర్చోండి! ఈ ఇంట్లో ఎవర్నీ నమ్మడానికి లేదు!"

"గొంతు ఇంకా కిందనుంచి, నాభిలోంచి రావాలమ్మా," అన్నారు మామగారు, వరండాలోకి పచార్లకు పోతూ.