కోరంలో పదో మనిషి

మా అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిగా ఒక్క ఏడాదికే ఒప్పుకున్నాను. అది అయిపోయి చాలా కాలమైంది. కొత్తవాళ్లను ఎన్నుకునేదాకా పాతవాడే కొనసాగాలని బైలా. ఎన్నుకోవాలంటే సర్వసభ్య సమావేశానికి కోరం ఉండాలి: ముప్పై ఫ్లాట్లలో మూడో వంతు, అంటే పది. రెండుసార్లు పిలిచాను. అరగంట ఎదురుచూసి, వచ్చిన నలుగురి సంతకాల కింద ‘కోరం లేదు, వాయిదా’ అని రాసుకుని ఇంటికొచ్చాను. వాయిదా పడిన సమావేశానికీ కోరం తప్పదట.

తిరుపతిలో చిల్లరంగడి నడిపిన ఇంట్లో పెరిగినవాణ్ణి. అంగట్లోకొచ్చిన మనిషిని వట్టి చేతులతో దిగనివ్వకూడదని నాయన దగ్గర నేర్చుకున్నాను. ఈసారి ఆదివారం పొద్దున్నే, కింద పార్కింగులో, మసాలా వడలతో పిలిచాను. కుర్చీలను సరిగ్గా బండ్లకు అడ్డంగా వేయించాను. మాంసానికని బండి కోసం దిగినవాళ్లు దిగినట్టే దొరికిపోయారు.

హాజరు పుస్తకంలో పన్నెండు సంతకాలు చూసి మురిసిపోయాను. మా అధ్యక్షురాలు, తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దావిడ, అద్దాలు సర్దుకుంది.

“ఈ ఫ్లాటుకు మొగుడూ పెండ్లామూ ఇద్దరూ పెట్టినారు. ఫ్లాటుకు ఒకటే లెక్క. ఈయన బాడుగకుండే మనిషి. పక్కన ‘అద్దెదారు’ అని రాయి, కోరంలో కలపొద్దు.”

నాతో కలిపి సరిగ్గా పది మిగిలింది. జమాఖర్చులు ఆమోదించారు. కార్యదర్శి పదవి దగ్గరికొచ్చేసరికి అందరూ వడల వైపు చూశారు.

“లిఫ్టువాళ్లతో నేనే మాట్లాడతా, నీళ్ల ట్యాంకరు నేనే పిలిపిస్తా. కొత్తాయన సంతకం పెడితే చాలు,” అని బేరం పెట్టాను.

“అంతా నువ్వే చేసేటప్పుడు ఆ సంతకమూ నువ్వే పెట్టుకోప్పా,” అన్నాడు రెండో అంతస్తాయన.

నాకు రోషం వచ్చింది. “అయితే నేను లేచి పోతాండా.”

“లెయ్యి నాయనా,” అంది పెద్దావిడ తాపీగా. “నువ్వు పోతే తొమ్మిది. కోరం పోతాది, ఎన్నిక జరగదు. అప్పుడు కార్యదర్శి ఎవరు?”

“నేనే.”

“కూర్చుంటే?”

“అప్పుడూ ఆయనే!” వెనక నుంచి రెండో అంతస్తాయనే అరిచాడు. “బిరీన చేతులెత్తండబ్బా, మంచి ముక్కలన్నీ అయిపోతాయి ఆడ!”

తొమ్మిది చేతులు లేచాయి. వద్దని నేనొక్కడినే ఎత్తాను. మినిట్సు రాయాల్సింది కార్యదర్శే కాబట్టి నేనే రాశాను: ‘హాజరు పది ఫ్లాట్లు. చివరిదాకా కోరం ఉంది. అనుకూలం తొమ్మిది, వ్యతిరేకం ఒకటి.’ పెద్దావిడ చదివి సంతకం పెట్టింది. కింద నేనూ పెట్టాను.

కుర్చీలు తీయించాను. మాంసం తెమ్మని మా ఇంట్లోనూ చెప్పి పంపారు. అందరి బండ్లూ పోయేదాకా మూలన ఇరుక్కున్న నా స్కూటరు బయటికి రాలేదు.