పుష్పక్క నాలుగో గడి

అనకాపల్లిలో నా అంత వేగంగా తెలుగు టైపు కొట్టేవాడు పుట్టలేదు. నేను మొదలుపెడితే కీబోర్డు మీద ఇడ్లీలు ఉడికేవి. ఇంటర్ రెండో ఏడాదిలో కాలేజీకి నేనే సెలవిచ్చి పంపేశాను. డిగ్రీలున్నవాళ్లు నవ్వుకోండి, నాకేం. 2004లో మా ఊరి గవరపాలెంలో సగం ఇళ్లలో సినిమా అడుగున పాకే వార్తల పట్టీ నా చేతి పనే. ఏదో ఒకరోజు నా పేరు కూడా టీవీలో పాకుతుందని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. పాకింది. ఎలా పాకిందో చెప్పాలంటే పుష్పక్క గురించి చెప్పాలి. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పుష్పకుమారి మా కేబుల్ ఛానల్‌లో వార్తలు రాసేది. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హ్యాండ్ నేర్పింది. కంప్యూటర్లు వచ్చి ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక మా దగ్గర చేరింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారి ప్రసంగం కూడా షార్ట్‌హ్యాండ్‌లో దింపేసి, పోయిన వారం మీరు ఇలా చెప్పలేదే అని ఆయన్నే నిలదీసిన మనిషి.

మాకు విలేకరులు లేరు. ఉన్నది ఒక రేడియో. మధ్యాహ్నం ప్రాంతీయ వార్తలు మొదలవగానే అక్క గీతలు గీసుకుంటూ పోయేది, పక్కన టేప్ రికార్డర్ తిరుగుతుండేది. బులెటిన్ అయ్యాక టేపు వెనక్కి తిప్పి, సరిచూసుకుని, మొత్తం తెలుగులో రాసేది. ముఖ్యాంశాల్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్లో మరోసారి వచ్చిన వార్తను ఒకటిగా కలిపేది. ఆ తర్వాత తెల్లకాగితం మీద నాలుగు గడులు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ. రేడియో చెప్పిందే గడిలోకి వెళ్లాలి. చెప్పకపోతే 'చెప్పలేదు' అని రాసేది. ఆ గడుల్లోంచి ఒక్క వాక్యం అల్లితే అదే మా పట్టీ. రేడియోలో 'ఈ ఉదయం' అంటే అక్క 'మంగళవారం ఉదయం' అని మార్చేది. మన పట్టీ రేపటిదాకా తిరుగుతుంది, రేపు చూసేవాడికి 'ఈ ఉదయం' అంటే ఏ ఉదయంరా అని నన్ను గదమాయించేది.

ఆ మంగళవారం రేడియోలో వచ్చిన వార్త ఇది. విశాఖ జిల్లా తీరానికి దూరంగా ఈ ఉదయం వేటకు వెళ్లిన పడవ బోల్తా పడింది, అయిదుగురిలో నలుగురిని వేరే పడవవాళ్లు రక్షించారు, ఒకరు గల్లంతయ్యారు, గాలింపు జరుగుతోందని అధికారులు తెలిపారు. అంతే. అక్క మొదటి గడిలో 'అయిదుగురు మత్స్యకారులు, పేర్లు చెప్పలేదు' అని రాసింది. నాలుగో గడిలో 'జిల్లా తీరానికి దూరంగా, ఊరు చెప్పలేదు'.

మా ఓనరు కన్నబాబు ఆ కాగితం మీదకు వంగాడు. ఊరి పేరు లేని వార్త ఎవడు చూస్తాడని సణిగాడు. మనవాళ్లకి తీరం అంటే పూడిమడకే కదా, వేసేద్దాం అన్నాడు. జిల్లా తీరం ఎంత పొడుగో తెలుసా అని అక్క కస్సుమంది. అధికారులకి ఫోన్ చేసి కనుక్కుంటాను, అందాకా ఉన్నది ఉన్నట్టే వెయ్యమని నాకు చెప్పి ఎస్టీడీ బూత్‌కి వెళ్లింది. మా ఆఫీసు ఫోన్ అప్పటికి నెలరోజులుగా మూగబోయి ఉంది.

అక్క మెట్లు దిగీ దిగగానే కన్నబాబు ఆకుపచ్చ పెన్ను తీసి నాలుగో గడిలో మాటలు కొట్టేసి 'పూడిమడక' అని రాశాడు. నా వైపు తోశాడు. కొండని పిండి చేస్తానని కబుర్లు చెప్పే నేను ఒక్క ముక్క ఎదురు చెప్పలేదు. పైగా రికార్డు వేగంతో కొట్టాను. 'పూడిమడకలో పడవ బోల్తా, ఒకరు గల్లంతు.' ఎరుపు రంగు కూడా వేశాను, నా సొంత తెలివి.

నలభై నిమిషాలు తిరిగింది. ఫోన్ ఎవరూ ఎత్తక తిరిగొస్తున్న అక్క, దారిలో టీ కొట్టు టీవీలో అది చూసింది. మెట్లు ఎక్కి వచ్చి, నా కుర్చీ పక్కకి లాగేసి, తనే చెరిపింది.

"పూడిమడకని ఎవరు సెప్పేర్రా నీకు? రేడియో సెప్పిందా, నీ నోటికొచ్చిందా?"

నేను కన్నబాబు వైపు చూశాను. ఆయన సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు.

కానీ అప్పటికే చేపల బజారులో జరగాల్సింది జరిగిపోయింది. పూడిమడక నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్లు ఎదురు హోటల్ టీవీలో పట్టీ చూశారు. వాళ్లలో బుల్లమ్మ కొడుకులిద్దరూ ఆ పొద్దున్న వేటకి వెళ్లారు. గంపలు ఎక్కడివక్కడ వదిలేసి, దొరికిన ఆటోలెక్కి, అచ్యుతాపురం మీదుగా ఏడుస్తూ వెళ్లారట. ఊళ్లో దిగేసరికి బుల్లమ్మ కొడుకులు ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు.

సాయంత్రం బులెటిన్‌లో ఊరి పేరు చెప్పారు. భీమిలి అవతల ఎక్కడో. అక్క కొత్త కాగితంలో నాలుగో గడి నింపి నా ముందు పెట్టింది.

మర్నాడు పది గంటలకి మా మెట్ల మీద కంపు ముందొచ్చింది, మనుషులు తర్వాత వచ్చారు. ఎండకి మురిగిన చేపల గంపలు ఎనిమిది. కన్నబాబు బల్ల మీద ఒకటి, నా కంప్యూటర్ పక్కన ఒకటి దింపారు.

"రాసినోలు ఎవురు?" అంది బుల్లమ్మ. గొంతు పెంచలేదు.

కన్నబాబు వెంటనే పుష్పక్క వైపు చెయ్యి చూపించాడు. వార్తలన్నీ ఆవిడే రాస్తుంది, ఈరోజుతో మానిపించేస్తాను, మీరు వెళ్లండమ్మా అన్నాడు. ఆ మాటతో అక్క ఉద్యోగం పోయేదే. అంతకన్నా, ఇరవై ఏళ్లు ఒక్క అక్షరం తప్పు రాయని పేరు కూడా చేపల కంపులో కలిసిపోయేది.

అక్క మొహం ఎర్రబడింది. సొరుగు లాగి నిన్నటి కాగితం తీసి బుల్లమ్మ ముందు పరిచింది. చదవడం రాదంటే, వేలు పెట్టి గడి గడీ చదివి వినిపించింది. ఊరు చెప్పలేదు అన్నచోట నల్ల ఇంకు, దాన్ని కొట్టేసినచోట పచ్చ ఇంకు. ఆ పచ్చ పెన్ను అప్పటికీ కన్నబాబు జేబులోనే ఉంది.

బుల్లమ్మ ఆ పెన్ను కేసి చూసింది.

"మా పిల్లల్ని సంపేసి మా సేతే ఏడిపించేవు. ఇప్పుడు ఈయమ్మ మీదకి తోసేత్తన్నావా బాబూ?"

పొరపాటైందని పట్టీ వేయిస్తానని కన్నబాబు దిగొచ్చాడు. నాకు చెప్పాడు, సాంకేతిక కారణాల వల్ల నిన్నటి వార్తలో పొరపాటు జరిగింది, చింతిస్తున్నాం. నేను కొట్టబోయాను. పుష్పక్క నా చెయ్యి పట్టుకుంది.

"'ఎవరు' గడి ఖాళీ. 'ఎక్కడ' గడి ఖాళీ. ఇది వార్తేటిరా?"

కొత్త కాగితం తీసి నాలుగు గడులు గీసింది. ఒక్కో గడీ పైకి చదువుతూ నింపింది. ఆడవాళ్లు గంపల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పట్టీ తిరిగేదాకా కదిలేది లేదన్నారు. కన్నబాబు ముక్కు మూసుకుని, ఏదో ఒకటి వేసెయ్యమని చెయ్యి ఊపాడు.

"మంగళవారం మధ్యాహ్నం అనకాపల్లిలో ఈ ఛానల్ యజమాని కన్నబాబు రేడియో చెప్పని ఊరి పేరు చేర్చి తప్పుడు వార్త వేయించారు. టైపు చేసినవారు నానాజీ."

నా చేత్తోనే కొట్టించింది. ఎరుపు రంగులో వేయించింది. నా జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ టైపు కొట్టలేదు. నా పేరు దగ్గర ఆగితే, కానియ్యి అంది.

గంపలు లేచాయి, కంపు మాత్రం వారం రోజులుంది. కన్నబాబు అక్కని మాన్పించలేదు. మాన్పిస్తే మళ్లీ వస్తామని బుల్లమ్మ మెట్ల మీద నుంచే చెప్పి వెళ్లింది. ఆయన గొణుక్కుంటూ, గల్లంతైంది మన ఊరివాడు కాదు కదా, ఇంత రాద్ధాంతం దేనికి అన్నాడు.

అక్క అప్పుడు అరిచింది. ఆవిడ అరవడం నేను వినడం అదొక్కసారే. అతనికీ ఓ ఊరుంది, ఓ ఇల్లుంది, నిన్నట్నించీ నీ నోట ఒక్కసారైనా వచ్చిందా అని అడిగింది. తర్వాత రేడియో చెవి మెలిపెట్టి, పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది. మధ్యాహ్నం బులెటిన్‌లో గల్లంతైన మనిషి పేరు చెబుతారేమోనని. మొదటి గడిలో ఇంకా 'పేర్లు చెప్పలేదు' అనే ఉంది.