గేటు దగ్గర నల్ల మనిషి

నబీ సాబ్‌కి కోపం వస్తే ముందు టోపీ తీసి తల గోక్కుంటాడు, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. ఆ రెంటి మధ్య దొరికే సందులో తప్పించుకుపోవడం మా మిల్లులో అందరికీ అలవాటే. మాది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద, ఊరు దాటగానే వచ్చే, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు. ఆయన గేటు వాచ్‌మన్. నేను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొట్టే లక్ష్మిని. నాకు నోరెక్కువని మా షావుకారు పదిమందిలో చెప్తుంటాడు. నోరు లేని గుమాస్తాను లారీ డ్రైవర్లు బతకనిస్తారా అని ఆయన మాత్రం ఆలోచించడు.

పత్తి మిల్లుకు దొంగ కంటే నిప్పంటేనే భయం. ఆవరణ నిండా కొండల్లా పత్తి పోసి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు, అంతా బూడిదే. అందుకే గేటు దాటి లోపలికొచ్చే ప్రతివాడి జేబూ నబీ సాబ్ తడిమి చూస్తాడు. బీడీ కట్టలు, అగ్గిపెట్టెలు లాక్కుని డబ్బాలో వేస్తాడు, పోయేటప్పుడు ఎవరిది వాళ్లకు ఇస్తాడు. ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వడు. "ఇది తాగి సస్తే నీ పెండ్లాం నన్ను అడుగుతాదిరా" అని తిట్టి మరీ ఇస్తాడు. ఆ తిట్లు పడని రోజు డ్రైవర్లకే తోచదు.

ఆయన భార్య సైదా బీ. మా ఎమ్మిగనూరు మనిషే, మగ్గాల ఇంట్లో పుట్టింది. మిల్లు వెనక సందులో వాళ్ల ఇల్లు. వారంలో ఒకసారైనా నాకోసం జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ పంపిస్తుంది. తెచ్చిచ్చే నబీ సాబ్ మాత్రం "ఉప్పెక్కువేసింది, తినగలిగితే తిను" అని వంక పెట్టకుండా ఇవ్వడు. ఆ వంకలు విని నాకు ఒళ్లు మండేది. ఏనాడూ ఆమెను ఒక్క మంచి మాట అనగా నేను వినలేదు.

పోయిన చలికాలం, ముమ్మరంగా పత్తి వస్తున్న రోజుల్లో, పక్క ఊరి మిల్లొకటి తగలబడింది. ఆ దెబ్బకు మా షావుకారుకు నిద్ర కరువైంది. గేటు కెమెరా రికార్డు రోజూ ఫోన్‌లో వెనక్కి తిప్పి తిప్పి చూడటం మొదలుపెట్టాడు. ఒక పొద్దున నబీ సాబ్‌ని ఆఫీసులోకి పిలిచి టీవీలో చూపించాడు. "ఇదేంది సాబూ? రోజూ ఎండ వాలే వేళకు గేటుకాడ నుంచి ఒక మనిషి బయటికి పోతాడు. ఇంకో మనిషి వచ్చి నిలబడతాడు. కాసేపుండి మాయమైతాడు. ఎవడు వాడు?"

టీవీలో మనిషనేదే లేదు. మా గేటు పడమరకు ఉంది. కెమెరా ఆఫీసు గోడ మీద, గేటు వైపు తిరిగి ఉంది. సాయంత్రమయ్యేసరికి పొద్దు సరిగ్గా గేటుకు ఎదురుగా దిగుతుంది. దానికి తోడు ఎండలో తెల్లగా మెరిసే పత్తి కుప్పలు. ఆ వెలుగు మధ్యలో గేటు దగ్గర ఒక నల్లటి మచ్చ నిలబడి ఉంది. ఆడో మగో, ముసలో పడుచో తెలియదు. అంచులు కూడా వెలుగులో కరిగిపోయి ఉన్నాయి.

"నాకు తెల్దు సేటూ" అన్నాడు నబీ సాబ్.

"గేటు నీది. నీకు తెల్దంటే ఎట్ల? నిప్పు పెట్టేటోనికి నువ్వు దారిస్తాండావని రేపు నలుగురూ అంటారు. ఆ మనిషెవడో తేల్చు. లేకుంటే ఇంకో వాచ్‌మన్‌ను సూసుకుంటా."

షావుకారు పోయాక నా నోరు ఆగలేదు. "ఏమన్నా, గేటు వదిలి యాడికి పోతాండావు?" అని గట్టిగానే అడిగాను. నేను రోజూ నాలుగున్నర బస్సుకే వెళ్లిపోతాను, ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలియదు. నబీ సాబ్ టోపీ తీశాడు. ఈసారి తల గోక్కోలేదు, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సాయంత్రం నమాజుకు పోతాండా, లక్ష్మమ్మా. మసీదు ఈ రోడ్డు మలుపులోనే గదా. గేటుకు గొళ్లెం పెట్టి పోయి, బిరబిరా వస్తా. నేనొచ్చేసరికి ఆడ ఎవరూ ఉండరు. అల్లా మీద ఒట్టు."

"షావుకారును అడిగి పోవచ్చు గదా?"

"అడిగితే కాదంటే?"



మొదట మా తెలివి మేము చూపించుకున్నాం. షావుకారు టీవీలో వెలుతురు పెంచాడు. ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబడింది, నల్ల మనిషి బూడిద మనిషయ్యాడు, అంతే. నబీ సాబ్ నిచ్చెనెక్కి కెమెరా అద్దాన్ని తన తువ్వాలుతో తుడిచాడు. ఏమీ మారలేదు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే అని నేను అనేసి, ఆదోని బజారులో కెమెరాలు బిగించే మోయిన్‌కు ఫోన్ చేశాను.

మోయిన్ మధ్యాహ్నం దాటాక వచ్చాడు. వస్తూనే "ఎండ దిగే వేళకే చూడాల, ముందే సరిచేస్తే మళ్లా పాత కథే" అని టీ తాగుతూ కూర్చున్నాడు. పొద్దు వాలడం మొదలయ్యాక నబీ సాబ్‌ని గేటు దగ్గర నిలబెట్టి, తన ఫోన్‌లో కెమెరా మెనూ తెరిచి నాకు చూపించాడు.

"చూడక్కా. కెమెరా మొత్తం బొమ్మలో వెలుగెంతుందో చూసుకుంటాది. ఎదురుగా ఇంత ఎండ ఉంది కాబట్టి కన్ను చిట్లించుకుంటాది. అప్పుడు ఆకాశం బాగనే వస్తాది, దాని ముందు నిలబడినోడు మసి అయితాడు. టీవీలో వెలుతురు పెంచితే మసికి సున్నం పూసినట్టే. ఈడ డబ్ల్యూడీఆర్ అని ఒకటుంది. మీకు బిగించినోడు దీన్ని ఆన్ చెయ్యకనే పోయినాడు. ఇది ఆన్ చేస్తే కెమెరా ఒకే బొమ్మను రెండు తీర్ల తీస్తాది. ఒకటి ఎండ కోసం తక్కువ సేపు, ఒకటి నీడ కోసం ఎక్కువ సేపు. రెంటినీ కలిపి ఒకటి చేస్తాది."

మోయిన్ మీట జరిపాడు. నల్ల మచ్చలో నుంచి మెల్లగా నబీ సాబ్ బయటికి వచ్చాడు. ముందు ఖాకీ చొక్కా, తర్వాత నెరిసిన గడ్డం, చివరకు కెమెరా కోసం బిగబట్టిన ముఖం. పెండ్లి ఫోటోకు కూడా అంత బిగుసుకుని ఉండడు. నాకు నవ్వాగలేదు. మోయిన్ ఇంకాస్త పెంచాడు. ఆవరణంతా వెలిసిపోయినట్టయింది, నబీ సాబ్ చుట్టూ తెల్లటి అంచు కట్టింది. "ఎక్కువైనా పనికిరాదు" అని సగానికి తగ్గించాడు. తర్వాత నిచ్చెనెక్కి కెమెరాను కొంచెం కిందికి వంచి, పైన రేకు ముక్క బిగించాడు. పొద్దు నేరుగా అద్దంలోకి దిగితే ఈ సెట్టింగు కూడా ఏం చేయలేదట. చీకటి పడ్డాక బొమ్మంతా చుక్కలు చుక్కలు కాకుండా, రాత్రిపూట అదే ఆఫ్ అయ్యేలా టైం కూడా పెట్టాడు.

"మరి పాత రికార్డులు?" అని అడిగాను.

"చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమక్కా? అప్పుడు తీసుకోని వెలుగు ఇప్పుడు యాడ నుంచి తెస్తాం?"

నిచ్చెన దించుతుంటే నాకు అసలు సంగతి తట్టింది. నబీ సాబ్‌ని పక్కకు పిలిచాను. "అన్నా, ఇప్పుడు నువ్వు గేటు వదిలి పోయేది కూడా అద్దంలో ఉన్నట్టు కనపడతాది. ఈ పొద్దు నమాజు ఈడనే చేసుకో."

"నేను పోకుంటే ఆ మనిషి రాడు గదా, లక్ష్మమ్మా."

"ఉద్యోగం పోతాది."

"పోనీ. నల్లగ కనపడి దొంగనైతాండా. తెల్లగ కనపడి తప్పు చేసినోన్నైతే మేలు." టోపీ సరిచేసుకుని, గొళ్లెం పెట్టి, రోడ్డెక్కాడు. నేను తర్వాతి బస్సెక్కాను గానీ, ఎమ్మిగనూరు వచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు.

మరుసటి పొద్దున ఆఫీసులో షావుకారు, మోయిన్, నేను కూర్చున్నాం. నబీ సాబ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. రికార్డు పెట్టారు. వెనకాల బంగారంలా ఎండ, రోడ్డు మీద పోయే ఎద్దులబండి, గేటు కమ్మీలు, అన్నీ కనిపిస్తున్నాయి. నబీ సాబ్ గొళ్లెం పెట్టి బయటికి పోయాడు. షావుకారు ఆయన వైపు ఒక చూపు చూశాడు.

కాసేపటికి సందులో నుంచి ఒక మనిషి వచ్చింది. తల మీద కొంగు, చేతికి ఆకుపచ్చ గాజులు. గేటు కమ్మీ పట్టుకుని లోపల పత్తి కుప్పల వైపు ఒకసారి కలియజూసింది. సైదా బీ!

అప్పుడే ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవర్ బీడీతో దిగాడు. సైదా బీ చెయ్యి అడ్డం పెట్టి ఏదో అంది. మాట వినపడదు గానీ ఆ చెయ్యి ఊపే తీరు అచ్చం నబీ సాబ్‌దే. డ్రైవర్ బీడీని రోడ్డు మీదే పడేసి చెప్పుతో నలిపాడు. తర్వాత ఆమె రోడ్డు మలుపు వైపు చూస్తూ నిలబడింది. ఒక కాలి మీద బరువు వేసి, మోకాలు ఒత్తుకుని, మళ్లీ ఇంకో కాలి మీదికి మారింది. మలుపు దగ్గర ఏం కనపడిందో, గబగబా కొంగు సర్దుకుని సందులోకి వెళ్లిపోయింది. ఆ వెంటనే నబీ సాబ్ వచ్చి గొళ్లెం తీశాడు.

షావుకారు గొంతు సవరించుకున్నాడు. "ఇదేంది సాబూ?"

"పత్తి వచ్చే మొదట్లో అడిగింది సేటూ, నువ్వు నమాజుకు పోతే నేనొచ్చి నిలబడతానని. ఆడమనిషికి గేటుకాడ ఏం పనని తిట్టినా. మళ్లా అడగలేదు. మానుకుందనుకుంటి."

ముప్పై ఏళ్లు కాపురం చేసి భార్య నీడను గుర్తుపట్టలేదా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను.

"నన్ను అడక్కుండ పోయింది నీ తప్పు" అన్నాడు షావుకారు. మళ్లీ టీవీ వైపు చూశాడు. "గేటు మాత్రం ఖాళీగ లేదు. పో, పని సూసుకో. నమాజు మానొద్దు."

నబీ సాబ్ కదలలేదు. ఆయన ఆ మాట విన్నాడో లేదో కూడా నాకు తెలియదు. "మోయిన్ బేటా, ఆమె నిలబడింది మళ్లా పెట్టు" అన్నాడు. మోయిన్ పెట్టి, ఆపాడు. నబీ సాబ్ టీవీ దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. "ముసిలిదైపోయింది లక్ష్మమ్మా. రోజూ ఇంట్లో ఉంటాది గానీ, నేను సూడనే లేదు." నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ సాయంత్రం నేను కావాలనే బస్సు వదులుకున్నాను. నమాజు వేళకు నబీ సాబ్ సందులోకి పోయి సైదా బీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె సిగ్గుపడిపోతూ వచ్చింది. గోడ పక్కన తన కుర్చీ వేసి, తువ్వాలుతో దుమ్ము దులిపాడు.

"ఇంక దాక్కోని వచ్చే పని లేదు. మోకాళ్లు నొస్తాయి, కూచో" అన్నాడు.

సైదా బీ కుర్చీ వైపు చూసింది, గోడ వైపు చూసింది. గేటు దగ్గరికి పోయి కమ్మీ పట్టుకుని నిలబడింది.

"ఆడ కూచుంటే నువ్వొచ్చేది కనపడదు" అంది.